యూనియన్‌లో చేరితే ఉద్యోగం తీసేయొచ్చా? చట్టం నడిచిన దారి

1920-21లో మద్రాసు బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల వివాదంలో కార్మిక నాయకుడు బి.పి. వాడియా మీద హైకోర్టులో దావా పడింది. సంఘం పని చేసుకోవడమే తప్పయింది. గుంటూరు, విజయవాడ కూడా అప్పుడు ఆ కోర్టు పరిధిలోవే. ఆ దెబ్బ నుంచి పుట్టిన 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, రిజిస్టరైన సంఘాల్ని అలాంటి దావాల నుంచి కాపాడింది. యజమాని సంఘాన్ని గుర్తించి చర్చలకు కూర్చోవాలని మాత్రం చెప్పలేదు. ఆ లోటు తీర్చే సవరణ 1947లో పాసైనా అమల్లోకి రానేలేదు. సంఘం పెట్టుకునే హక్కులో బేరమాడి సాధించుకునే హక్కు కలిసి లేదని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది.

యూనియన్‌లో చేరినందుకు శిక్షించడాన్ని పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో వచ్చిన సవరణ అనుచిత కార్మిక విధానాల జాబితాలో పెట్టింది. తీసేయడమే కాదు, తీసేస్తామని బెదిరించడం, ప్రమోషన్ ఆపడం, కక్షతో బదిలీ చేయడం కూడా అందులో ఉన్నాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ జాబితాను కొనసాగిస్తూ, జరిమానాను కనీసం పదివేలకు, గరిష్ఠంగా రెండు లక్షల రూపాయలకు పెంచింది. గుర్తింపును తొలిసారి దేశమంతటికీ చట్టంలోకి తెచ్చింది కూడా ఈ కోడే.

గుంటూరు దగ్గర 240 మంది పనిచేసే స్పిన్నింగ్ మిల్లు ఒకటుందనుకుందాం. యూనియన్ రిజిస్ట్రేషన్‌కు పది శాతం, అంటే 24 మంది చాలు. ఒకటికి మించి సంఘాలున్నచోట ఏకైక చర్చల సంఘం కావాలంటే 51 శాతం, అంటే 123 మంది కావాలి. ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం ఉన్న సంఘాలు కలిసి చర్చల మండలిగా కూర్చుంటాయి.

ఆ 24కీ 123కీ మధ్య కాలమే గండం. మిల్లులో యూనియన్ కార్మికులు నలిగిపోయేది అప్పుడే. 'యూనియన్‌లో చేరావు కాబట్టి' అని ఏ చార్జిషీటూ రాయదు. సూపర్‌వైజర్‌కు ఎదురు మాట్లాడాడనో, షిఫ్టుకు ఆలస్యంగా వచ్చాడనో రాస్తుంది. కోర్టులో యాజమాన్యం తరచూ చెప్పే మాట, అతను యూనియన్ మనిషని తమకు తెలియదని. అందుకే కార్యవర్గం పేర్లు ముందే లేఖగా ఇచ్చి, తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. తర్వాత వచ్చిన చార్జిషీటు తేదీని దాని పక్కన పెడితే అసలు కారణం బయటపడుతుంది.

యూనియన్ కార్యవర్గం నుంచి గుర్తించే రక్షిత కార్మికుల జాబితా ఇంకో రక్షణ. ఒక శాతం లెక్కన 240 మందిలో ఇద్దరే రావాలి, కానీ చట్టం కనిష్ఠం ఐదుగురు. వివాదం రాజీ అధికారి దగ్గరో ట్రిబ్యునల్లోనో నడుస్తుండగా ముందస్తు లిఖిత అనుమతి లేకుండా వీళ్లను తీసేయకూడదు. వివాదమే పెండింగులో లేకపోతే ఈ రక్షణ పనిచేయదు. కాబట్టి డిమాండ్లు మిల్లు గేటు దగ్గరే ఆగకూడదు, లేబర్ ఆఫీసులో రాజీ ప్రక్రియ మొదలు కావాలి.