అపోహలు - వాస్తవాలు: సాచురేషన్ 99 ఉంటే ఒంటికి ఆక్సిజన్ అందుతున్నట్టేనా?

అపోహ: ఆక్సిజన్-హీమోగ్లోబిన్ కర్వ్, అంటే ఏ ఆక్సిజన్ పీడనం దగ్గర హీమోగ్లోబిన్ ఎంత నిండి ఉంటుందో చూపే గీత, ఎడమకు జరిగితే మంచిదే. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, సాచురేషన్ పడిపోదు.

గట్టిగా పట్టుకుంటే లాభం ఎవరికి? కణానికి కావాల్సింది వదిలిపెట్టే హీమోగ్లోబిన్. పరీక్షలో "ఎడమ అంటే అఫినిటీ ఎక్కువ" అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే డ్యూటీలో ఈ సంగతి మర్చిపోతారు. చలికాలం వస్తే మా క్యాజువాలిటీలో దీని ఖరీదు తెలుస్తుంది.

కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకున్న ఇంటి నుంచి ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. స్నానానికి వెళ్ళి ఎంతకీ రాకపోతే తలుపు పగలగొట్టారట. పిలిస్తే మూలుగుతున్నాడు తప్ప కళ్ళు తెరవడం లేదు. వాళ్ళమ్మ చేతిలో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. "డాక్టరు గారూ, దారిలో నాలుగుసార్లు పెట్టి చూశాం, 99 అనే చూపిస్తోంది. మరి వీడెందుకు లేవట్లేదు?" అని ఏడుస్తోంది. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. పక్కనున్న బంధువు మాత్రం "99 అంటే ఊపిరి బాగున్నట్టే, వేడినీళ్ళకి కళ్ళు తిరిగి ఉంటాయి" అని తీర్పు చెప్పేశాడు. ఇలాంటి తీర్పుల వల్లే కొందరు హాస్పిటల్‌దాకా రారు.

గాలి ఆడని బాత్రూమ్‌లో గీజర్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్ ఆ కుర్రాడి రక్తంలో చేరింది. పల్స్ ఆక్సీమీటర్ ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి రెండిటితో లెక్క కడుతుంది. ఆ ఎర్ర కాంతిలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్ కూడా దానికి ఆక్సిజన్ పట్టుకున్నదానిలాగే కనిపిస్తుంది. ధమని రక్తంలో వాయువులు చూసే మామూలు ఏబీజీ పరీక్ష కూడా మోసమే. ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ పీడనం బాగానే ఉంటుంది, మెషీన్ దాన్నిబట్టి సాచురేషన్‌ను లెక్కగట్టి చూపిస్తుంది. అసలు సంగతి చెప్పేది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను విడిగా కొలిచే కో-ఆక్సీమీటర్ ఒక్కటే. అందులో కార్బాక్సీహీమోగ్లోబిన్ 40 శాతం వచ్చింది.

అతని హీమోగ్లోబిన్ 14. అందులో 40 శాతం పనికిరాకుండా పోతే మిగిలింది 8.4 గ్రాములు. 8.4 ఉన్న రక్తహీనత పేషెంట్లు మన ఓపీకి నడిచే వస్తారు కదా, మరి ఇతనెందుకు పడిపోయాడు? ఇక్కడే కర్వ్ కావాలి.

ఈ కుర్రాడు, 8.4 ఉన్న రక్తహీనత మనిషి, ఇద్దరి ధమని రక్తంలోనూ డెసిలీటరుకు సుమారు 11.3 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. కణాలు 5 తీసుకుంటే 6.3 మిగులుతుంది. రక్తహీనత మనిషిలో కర్వ్ మామూలు చోటే ఉంటుంది కాబట్టి, ఆ 5 ఇచ్చేసరికి సిరల్లో ఆక్సిజన్ పీడనం 29 mmHg దగ్గర ఆగుతుంది. నిజానికి అతనిలో, ఆక్సిజన్‌ను వదిలించే 2,3-డీపీజీ అనే పదార్థం ఎర్ర రక్తకణాల్లో పెరిగి కర్వ్ కొంచెం కుడికి జరుగుతుంది, ఇంకా సుఖం. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. నాలుగు చోట్లలో ఒకటి ఆక్రమించి, మిగతా మూడింటిలోని ఆక్సిజన్‌ను కూడా వదలనివ్వదు. కర్వ్ ఎడమకు పోతుంది. అదే 5 మిల్లీలీటర్లు రాబట్టాలంటే పీడనం 18 దాకా దిగజారాలి. మెదడు, గుండె ఆ పీడనంతో నెట్టుకు రాలేవు. ఉన్న ఆక్సిజన్ ఇద్దరిలోనూ అంతే, చేతికొచ్చేది మాత్రం వేరు.

అందుకే సాచురేషన్ అంకె ఎంతున్నా అతనికి రిజర్వాయర్ మాస్క్‌తో 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టాం. మామూలు గాలిలో కార్బన్ మోనాక్సైడ్ సగం పోవడానికి 4-5 గంటలు పడుతుంది, నూరు శాతం ఆక్సిజన్‌తో గంట, గంటన్నర చాలు. మధ్యలో "99 ఉంది కదా, తగ్గిద్దామా?" అని ఓ హౌస్ సర్జన్ అడిగింది. ఆ 99ని లెక్కలోకే తీసుకోవద్దమ్మా అన్నాను. మనిషి ఎర్రగా కందిపోతాడని పుస్తకాల్లో ఉంటుంది, దాని కోసం ఎదురుచూడకండి, బతికున్నవాళ్ళలో అరుదు. దానికంటే "ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి, వాంతులు ఉన్నాయా?" అని అడగండి. ఈ ఇంట్లో చెల్లెలికి ఉంది. ఆ పిల్లనీ పిలిపించి ఆక్సిజన్ పెట్టాం.

అపోహ: కర్వ్ కుడికి జరిగితే ప్రమాదం.

జ్వరం, అసిడోసిస్, కార్బన్ డయాక్సైడ్ పెరగడం కర్వ్‌ను కుడికి నెడతాయి. ఊపిరితిత్తులు బాగుంటే దానివల్ల అక్కడ నష్టం ఒక శాతం, కణాల దగ్గర లాభం ఏడెనిమిది శాతం. కానీ న్యుమోనియాతో ధమనిలో ఆక్సిజన్ పీడనం అప్పటికే 55 దగ్గరుంటే సంగతి వేరు. అక్కడ కర్వ్ నిటారుగా ఉంటుంది, జ్వరం పెరిగితే చాలు సాచురేషన్ 87 నుంచి 82కి రావచ్చు.

అపోహ: శ్వాసనాళంలో ట్యూబ్ వేశాక బ్యాగ్ ఎంత గబగబా నొక్కితే అంత ఆక్సిజన్.

కార్బన్ డయాక్సైడ్ కడిగేసినట్టు పోయి ఆల్కలోసిస్ వస్తుంది, కర్వ్ మళ్ళీ ఎడమకే. దానికితోడు మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. మానిటర్ మీద మాత్రం 100 కనిపిస్తూనే ఉంటుంది. పెద్దవాళ్ళకి నిమిషానికి 10 సార్లు నొక్కితే చాలు, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే క్యాప్నోగ్రాఫ్ ఉంటే దాన్ని చూస్తూ నొక్కండి.