తప్పంతా నిన్న వేసుకున్న మాత్రదేనా?

ముఖంలో నరం నొప్పికి ఒకాయన కార్బమజెపైన్ మొదలుపెట్టాడనుకుందాం. పదకొండు రోజులు ఏ ఇబ్బందీ లేదు. పన్నెండో రోజు జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట. ఫ్లూ అనుకుని పారాసిటమాల్ వేసుకున్నాడు. పద్నాలుగో రోజుకు ఛాతీ మీద ముదురు ఎరుపు మచ్చలు లేచాయి. దురద కాదు, నొప్పి. చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడు. పెదవులు చిట్లి నెత్తురు గడ్డకట్టింది, నోటి నిండా పుండ్లు, మంచినీళ్లు మింగడమే గగనమైంది. పారాసిటమాల్ పడలేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. దాన్ని ఆపేసి కార్బమజెపైన్ మాత్రం వేసుకుంటూనే ఉన్నాడు.

ఇది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, మందు పడక చర్మం ఊడిపోయే జబ్బు. ఇందులో మనల్ని బోల్తా కొట్టించేది రోజుల లెక్కే. మందు మొదలైన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు ఇది బయటపడటం మామూలు. కొందరిలో ఆ మందును శత్రువుగా గుర్తుపట్టే టి-కణాలనే రోగనిరోధక కణాలు ఉంటాయి. అవి పెరిగి తగినంత సంఖ్యకు చేరడానికి ఇన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత అవి గ్రాన్యులైసిన్ అనే ప్రోటీన్‌ను వదిలి చర్మం పైపొర కణాలను చంపుతాయి. చచ్చిన పొర కింది పొరను వదిలేసి బొబ్బలుగా లేస్తుంది, పలచని పొరలుగా ఊడుతుంది. నోరు, కళ్లు, జననాంగాల లోపలి పొరలదీ అదే గతి. జ్వరం, కళ్ల మంట మచ్చల కంటే ఒకటి రెండు రోజులు ముందే వస్తాయి కాబట్టి, వాటికోసం వేసుకున్న మాత్ర మీదికి నింద పోతుంది. అందుకే అనుభవమున్న డాక్టర్ నిన్నటి మందుతో ఆగడు, గత రెండు నెలల మందులన్నీ అడుగుతాడు. అలోప్యూరినాల్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, కోట్రైమాక్సజోల్ లాంటి పేర్లు వినగానే జాగ్రత్తపడతాడు.

రోగి అరచేయి, వేళ్లతో కలిపి, ఒంటి చర్మంలో సుమారు ఒక శాతం. దానితో కొలిస్తే ఊడిన చర్మం పది శాతం లోపుంటే ఈ జబ్బు, ముప్పై శాతం దాటితే దీని తీవ్రరూపమైన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్. ఆ దశలో దాదాపు ముగ్గురిలో ఒకరు చనిపోతారు. అనుమానిత మందును ఎంత త్వరగా ఆపితే అంత మేలు. ఆపి ఇంట్లో కూర్చుంటే చాలదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాలిన గాయాలకు చేసినట్టే చికిత్స ఉంటుంది. కంటి డాక్టర్ కూడా మొదటి రోజు నుంచే చూడాలి, లేకపోతే రెప్ప లోపలి పొర కనుగుడ్డుకు అతుక్కుపోయి చూపు దెబ్బతినవచ్చు.

కార్బమజెపైన్ విషయంలో ముందే చేయించుకోదగ్గ రక్తపరీక్ష ఒకటుంది. 2004లో తైవాన్ పరిశోధకులు పరీక్షించిన, ఈ మందుతో ఈ జబ్బు వచ్చిన 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యురకం కనిపించింది. ఇది ఆసియాలో కొన్ని జనాభాల్లోనే ఎక్కువ. అది లేనంత మాత్రాన ముప్పు పూర్తిగా పోయినట్టు కాదు.

కోలుకున్నాక ఆ మందు మళ్లీ నోట్లో పడకూడదు. టి-కణాలకు జ్ఞాపకం ఉంటుంది కాబట్టి రెండోసారి వారాలు ఆగవు, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో విరుచుకుపడతాయి. కార్బమజెపైన్ పడనివారికి దాని నిర్మాణానికి దగ్గరగా ఉండే ఫెనిటాయిన్ కూడా ఇవ్వరు. బ్రాండ్ పేరు మారితే అదే మందు అని పోల్చుకోలేం కనుక, చీటీ మీద రాయించుకోవాల్సింది మందు అసలు పేరు.