ముందు నిలబడ్డ మనిషిని తీసేస్తే వెనకున్న భుజం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటి పెద్దాయన పోయాక పటం కట్టించడానికి స్టూడియోకి వచ్చేది చాలాసార్లు ఏదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటోనే. అందులో ఆయన రెండో వరసలో ఉంటారు. ముందు నిలబడ్డ బంధువు ఆయన ఎడమ భుజాన్నీ సగం ఛాతీనీ కప్పేసి ఉంటుంది. ‘ఆవిడను తీసేసి నాన్నగారిని ఒక్కరినే ఉంచండి’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాటలో రెండు పనులున్నాయి. ఆవిడ వెనక గోడ నింపడం ఒకటి, ఆవిడ వెనక దాగిన ఆయన ఒంటిని నింపడం రెండోది. గోడ పని కాలం గడిచేకొద్దీ తేలికవుతూ వచ్చింది. ఒంటి పని ఇప్పటికీ తెలిసిన మనిషి చెయ్యి కోరుతుంది.

ఫిల్మ్ రోజుల్లో ఇదంతా ఎక్కువగా ప్రింటు మీదే, బ్లేడు, కుంచె, ఎయిర్‌బ్రష్‌లతో జరిగేది. మనిషిని తీసేసిన చోట బూడిదరంగు ఛాయలు వేసి, ఆ ప్రింటునే మళ్లీ ఫొటో తీస్తే అతుకుల అంచులు కలిసిపోయేవి. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన ఉన్న సోవియట్ రహస్య పోలీసు అధిపతి నికొలాయ్ ఎజోవ్. 1940లో అతనికి మరణశిక్ష పడింది. ఆ తర్వాతి ప్రతిలో అతను నిలబడ్డ చోట కాలువ నీళ్లు కనిపిస్తాయి. అతను చివరన ఉన్నాడు, వెనక ఉన్నది ప్రధానంగా నీరు. అంటే అది దాదాపు గోడ నింపే పనే. ముస్సోలినీ 1937లో ట్రిపోలీలో గుర్రమెక్కి కత్తి ఎత్తిన ఫొటోలో చిక్కు వేరు. గుర్రాన్ని పట్టుకున్న మనిషిని తీసేయాలి, కానీ అతను గుర్రానికి అడ్డంగా ఉన్నాడు. అతను పోయిన చోట గుర్రం ఒళ్లు ఎలా సాగుతుందో గీయాలి. గుర్రం ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి లేకపోతే అది అయ్యే పని కాదు.

1990లో వచ్చిన మొదటి ఫొటోషాప్‌లోనే స్టాంపు టూల్ ఉంది. ఒకచోటి పిక్సెళ్లను ఇంకోచోట అద్దడం దాని పని. 2002లో వెర్షన్ 7తో హీలింగ్ బ్రష్ వచ్చింది. అది అల్లికను ఒకచోటి నుంచి తెచ్చి, రంగునీ వెలుగునీ అతికే చోటు నుంచి తీసుకుంటుంది. ఈ లోపు పరిశోధకులు ఖాళీని కంప్యూటరే నింపే దారులు వెతికారు. 2000లో బెర్తాల్మియో బృందం చూపిన పద్ధతి ఖాళీ అంచుల దగ్గరున్న గీతలను లోపలికి సాగదీస్తుంది. సన్నటి గీతలకూ మడతలకూ అది సరిపోయింది, మనిషంత ఖాళీలో మాత్రం మసకగా అలుక్కుపోయింది. 2003లో క్రిమినిసీ, పెరెజ్, తొయామా చేసిన మార్పు ఖాళీని ఏ క్రమంలో నింపాలన్నదానికి సంబంధించినది. అదే ఫొటోలోని ముక్కలను తెచ్చి అతికించాలి, ముందుగా తలుపు చట్రం, గోడ అంచు లాంటి గట్టి గీతలు ఖాళీలోకి వచ్చే చోట మొదలుపెట్టాలి. 2009లో వచ్చిన ప్యాచ్‌మ్యాచ్ అనే పద్ధతి, సరిపోయే ముక్కల కోసం జరిగే ఆ వెతుకులాటను చాలా వేగంగా చేసింది. 2010లో ఫొటోషాప్ సీఎస్5లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ దాని మీదే నిలబడింది.

ఈ పద్ధతులన్నీ ఖాళీకి కావలసింది ఆ ఫొటోలోనే ఎక్కడో ఉందనుకుంటాయి. గోడ విషయంలో అది నిజం. ఆయన ఎడమ భుజం మాత్రం ఆ ఫొటోలో ఎక్కడా లేదు.

ఇక ఆ ఫొటో దగ్గరకే వద్దాం. 4×6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. అంతకు మించితే పెరిగేది ఎక్కువగా కాగితం గరుకే. పెద్దాయన తల, భుజాలు కలిపి ప్రింటులో ఒకటిన్నర అంగుళం వెడల్పుంటే చేతికి వచ్చేది 900 పిక్సెళ్లు. 8 అంగుళాల పటానికి అది అంగుళానికి 112 చొప్పున పడుతుంది. గోడకు ఎత్తుగా తగిలించే పటానికి సరిపెట్టుకోవచ్చు.

మొదట ఆయన కనిపించే భాగాన్ని పెన్ టూల్‌తో కట్ చేసి, ఒక పిక్సెల్ ఫెదర్‌తో వేరే లేయర్‌లో పెట్టాలి. కింది లేయర్‌లో ఆవిడతో పాటు ఆయన్ని కూడా సెలెక్ట్ చేసి బ్యాక్‌గ్రౌండ్ నింపాలి. ఎక్కువమంది తప్పు ఇక్కడే జరుగుతుంది. ఆవిడను ఒక్కదాన్నే సెలెక్ట్ చేస్తే ప్రోగ్రామ్ పక్కనున్న తెల్ల చొక్కాను కూడా గోడలాగే చూసి, షామియానా తెర మధ్యలో చొక్కా ముక్క పెడుతుంది. `Content-Aware Fill` కిటికీలో ఆకుపచ్చగా కనిపించే శాంప్లింగ్ ప్రాంతంలో నుంచి మిగతా మనుషులందరినీ చెరిపేయాలి. తెరకు నిలువు చారలుంటే, తలకు ఇటూ అటూ వాటి మధ్య దూరం ఒకేలా ఉందో లేదో కొలిచి చూడాలి.

భుజానికి దొరికే ఆధారం ఆయన కుడి భుజం. చొక్కా గుండీల పట్టీ దాకా మాత్రమే కాపీ చేసి `Flip Horizontal` కొట్టాలి. పట్టీ కూడా కలిస్తే మధ్యలో రెండు పట్టీలు వస్తాయి. ఎడమ భుజం కెమెరాకు దూరమయ్యేలా ఆయన కాస్త పక్కకు తిరిగి ఉంటే అది ఇరుకుగా కనపడాలి కాబట్టి వెడల్పు 85–90 శాతానికి తగ్గించాలి. ఎదురుగా నిలబడ్డ మగవాళ్లకు రెండు భుజాల మధ్య దూరం సుమారు రెండు తలల ఎత్తుంటుంది, లెక్క సరిచూసుకోవడానికి అది చాలు. వీడియో లైటు కుడి భుజం వైపు నుంచి పడి ఉంటే, తిప్పిన భుజం అసలు దానంత తెల్లగా ఉండకూడదు. `Curves`తో దించాలి.

మగవాళ్ల చొక్కాకు జేబు ఎడమ వైపు ఉంటుంది, మరుగున పడింది సరిగ్గా అదే. కుడి వైపును తిప్పితే జేబు లేని చొక్కా వస్తుంది. ఇంట్లోవాళ్లు చేత్తో పటం పట్టుకోగానే ‘నాన్నగారి జేబులో పెన్నుండేది కదా’ అంటారు. కండువా అయితే ఇంకా ముఖ్యం. ఏ భుజం మీద వేసుకునేవారో పని మొదలుపెట్టే ముందే అడగాలి, ఇంకో ఫొటో ఏదైనా ఉంటే తెమ్మనాలి.

ఆవిడను తీసేసినా ఆవిడ వదిలిన గుర్తులు ఆయన మీద ఉంటాయి. ఎర్ర పట్టుచీర పక్కన నిలబడితే తెల్ల చొక్కా అంచుకూ చెంప కిందికీ ఆ ఎరుపు పాకుతుంది. చొక్కా మీద `Hue/Saturation`లో ఎరుపును దించితే పోతుంది. చెంప మీద అలా చేస్తే చర్మం పాలిపోతుంది, అక్కడ మాస్కు పెట్టి కొద్దిగానే తగ్గించాలి. ఆవిడ నీడ చొక్కా మీద పడి ఉంటే ఆ నీడను కూడా తీయాలి. చివరగా కొత్తగా చేసిన భాగానికి 2–3 శాతం నాయిస్, `Monochromatic` టిక్ పెట్టి కలపాలి. లేకపోతే పాత ప్రింటు గరుకు మధ్య కొత్త భుజం ప్లాస్టిక్‌లా మెరుస్తుంది.

2023లో ఫొటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్ ఫొటోలో లేని భుజాన్ని కూడా గీస్తుంది, జేబుతో సహా. కానీ అది లెక్కలేనన్ని భుజాలు చూసి ఊహించినది, ఆయనది కాదు. సెలెక్షన్ దవడకు తగిలిందంటే ముఖం కూడా కొంచెం మారుతుంది, మెడ మీది ముడతలు పోతాయి. అందుకే ముఖాన్నీ మెడనూ పై లేయర్‌లో అసలు స్కాన్ నుంచే ఉంచి, సెలెక్షన్‌ను కాలరు దగ్గరే ఆపాలి. మొదట్లో ఇది 1024 పిక్సెళ్ల ముక్కనే తయారుచేసేది, ఖాళీ అంతకంటే పెద్దదైతే సాగదీసి మసకచేసేది. అందుకని భుజాన్నీ చేతినీ విడివిడిగా చిన్న ముక్కల్లో చేయడం మేలు.

ఆవిడ ఆయన చేతిని పూర్తిగా కప్పేసి, ఆ చెయ్యి కనిపించే ఫొటో ఇంకొకటి దొరక్కపోతే చెయ్యి తయారుచేయొద్దు. పటాన్ని ఛాతీ దగ్గర, జేబు కింది అంచుకు రెండు వేళ్ల దిగువన కత్తిరించాలి.