చేతిరాతలో ఒక్క మాట మార్చడం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో శుభలేఖలు అచ్చువేసే మా దుకాణానికి, తమ చేతిరాతలోనే ఆహ్వానం ఉండాలని కోరేవారు తరచుగా వస్తుంటారు. అచ్చుకు వెళ్లే ముందు ఒక మాట మార్చవలసి వస్తే వారందరూ చెప్పేది ఒక్కటే: "సిరా రంగు కలిస్తే చాలు కదండీ." పని చెడగొట్టే అపోహల్లో ఇదే మొదటిది.

బాల్‌పెన్ గీతలో ఒకే రంగు ఉండదు. గట్టిగా నొక్కిన చోట ముదురుగా, కలం తేలిన చోట లేతగా ఉంటుంది. మన గుండ్రటి అక్షరాల్లో వంపు తిరగగానే చిన్న సిరా ముద్ద కూడా పడుతుంది. స్క్రీన్ మీద ఒక చుక్క నుంచి రంగు తీసి అక్షరమంతా నింపితే ఆ మాట అచ్చుముక్కలా పక్కవాటి నుంచి వేరుపడుతుంది.

బొబ్బిలి నుంచి వచ్చిన ఒక అమ్మగారు తాను రాసిన ఆహ్వానంలో "శనివారం"ను "ఆదివారం"గా మార్చాలని, ఆ ఒక్క మాటను ఇంటి దగ్గరే రాసి తెచ్చారు. కలం అదే, సిరా అదే, అయినా మాట సన్నగా, పాలిపోయినట్లు కనిపించింది. ముహూర్తం దగ్గర పడుతోందని ఆమె కంగారుపడుతున్నారు. కారణం అడిగితే తెలిసింది: అసలు ఆహ్వానాన్ని నోటుపుస్తకం మీద పెట్టి రాశారు, కొత్త మాటను మాత్రం గాజు బల్ల మీద రాశారు. అడుగున మెత్తగా ఉంటే కలం కాగితంలోకి దిగి గీత వెడల్పవుతుంది. అందుకే ఆమె చేత నోటుపుస్తకం మీదే, అదే రకం కాగితంపై, మాటను విడిగా కాకుండా వాక్యమంతా పలుమార్లు రాయించాను, ఎందుకంటే చేయి వేగం అందుకున్నాకే సహజమైన వాలు వస్తుంది. తలకట్లు ఏ కోణంలో పైకి లేస్తున్నాయో పాత పంక్తితో పోల్చి, బాగా కుదిరినదాన్ని ఎంచుకున్నాం.

రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, రంగుల సవరణ ఆపేసి, 600 dpi వద్ద ఒకేసారి స్కాన్ చేశాను. పాత మాటను అదే కాగితంలోని ఖాళీ భాగంతో కప్పి, కొత్తదాన్ని, కాగితం తెలుపు కనబడకుండా సిరా గీతలే నిలిచే Multiply పద్ధతిలో పైన ఉంచాను. తర్వాత రంగు తీసేసి, బొమ్మను తలకిందులు చేసి చూశాను. చదవడం ఆగిపోతే కన్ను ముదురు లేతలనే చూస్తుంది.

"వారం" రెండింటిలోనూ ఉంది కాబట్టి "ఆది" ఒక్కటీ అతికిస్తే చాలనుకోవడం మరో అపోహ. అతుకు దగ్గర ఒత్తిడి తెగిపోతుంది. ఇతర చోట నుంచి అక్షరాన్ని నకలు తీస్తే, ఒకే అక్షరం రెండు చోట్ల అచ్చం ఒకేలా కనబడి పట్టిస్తుంది.

ఇదంతా సొంత ఆహ్వానాలకూ ఉత్తరాలకూ మాత్రమే. దస్తావేజులో దిద్దుబాటు ఉంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారు దాని పక్కన సంతకమో పొడి అక్షరాలో వేసి ధ్రువీకరించకపోతే రిజిస్ట్రారు దానిని తిరస్కరించవచ్చు. అందుకని అలాంటి కాగితాలు తెచ్చినవారిని నేను దస్తావేజు లేఖరి దగ్గరకే పంపుతాను.