కంబళి రంగు, స్టూడియో వెండి, ఒక వేరుశనగ గీత

అనంతపురంలో వేరుశనగ మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని మే నెలలో ఒక జెల్ ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. జెల్ అంటే ప్రోటీన్లను సైజు ప్రకారం గీతలుగా విడదీసే మెత్తని పలక. వాన అందక ఎండిన చేని గింజల ప్రోటీన్లు ఒక వరుసలో ఉన్నాయి, నీరు పారించిన చేని గింజల ప్రోటీన్లు పక్క వరుసలో ఉన్నాయి. ఎండిన చేని వరుసలో, ప్రోటీన్ల బరువు కొలిచే లెక్కలో 30 కిలోడాల్టన్ల దగ్గర, వెంట్రుకంత సన్నని గోధుమరంగు గీత ఒకటి కనిపిస్తోంది. పక్క వరుసలో అది లేదు.

"సార్, ఇది ఏ ప్రోటీనో తెలుసుకుందామని ఈ గీతను కోసి మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపితే కెరాటిన్ అని తేలింది. వేరుశనగ గింజలో కెరాటిన్ ఏమిటి?" అని అడిగింది.

కెరాటిన్ అంటే మన చర్మం, జుట్టు. గింజలో అది ఉండదు. చేతుల మీద నుంచో, గదిలోని దుమ్ములో నుంచో జెల్ మీద పడింది. అసలు ప్రోటీన్ జాడ దొరకకుండా దుమ్ము జాడ మాత్రమే ఎందుకు దొరికిందన్నదే తేలవలసిన సంగతి. దానికి జవాబు ఆమె ఎంచుకున్న రంగులో ఉంది.

జెల్‌లో విడిపోయిన ప్రోటీన్లు కంటికి కనబడవు. వాటికి రంగు పట్టించడానికి పాత దారులు రెండు. మొదటిది కూమాసీ నీలం. అది ఉన్నికి అద్దడానికి తయారైన రంగు. పేరు నేటి ఘనాలోని కుమాసి పట్టణానిది. ఉన్ని కూడా కెరాటినే, అంటే ప్రోటీనే. మన వైపు కంబళి నేసేవారికి తెలిసిన విషయమే: ఉన్నికి ఇలాంటి రంగు పట్టాలంటే తొట్టిలో కాస్త పులుపు ఉండాలి. ఆమ్లంలో ప్రోటీన్ మీద ధనావేశం పెరుగుతుంది, రుణావేశమున్న రంగు దానికి, ముఖ్యంగా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న చోట్ల, అంటుకుంటుంది. ఆ పట్టు గట్టి రసాయన ముడి కాదు. కావాలంటే విప్పుకోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండోది వెండి. పాత ఫోటో స్టూడియో చీకటి గదిలో జరిగే పనే ఇక్కడా జరుగుతుంది. సిల్వర్ నైట్రేట్‌లోని వెండి అయాన్లు ప్రోటీన్ మీద చేరతాయి. ఫార్మాల్డిహైడ్ కలిపిన సోడియం కార్బొనేట్‌లో వేస్తే అవి లోహపు రేణువులై నల్లబడతాయి. మామూలు కూమాసీకి కనబడాలంటే గీతలో సుమారు 50 నుంచి 100 నానోగ్రాముల ప్రోటీన్ కావాలి. వెండికి ఒక్క నానోగ్రామ్ చాలు. అందుకే అందరి మనసూ వెండి వైపు లాగుతుంది.

ఆమె వాడిన పద్ధతిలో, వెండి బాగా పట్టాలని, ముందుగా జెల్‌ను గ్లూటరాల్డిహైడ్‌లో నానబెట్టారు. అది ప్రోటీన్లలోని లైసిన్ అనే అమైనో ఆమ్లాలను ఒకదానితో ఒకటి కట్టేస్తుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీకి ముందు మనం ట్రిప్సిన్ అనే ఎంజైముతో ప్రోటీన్‌ను ముక్కలు చేస్తాం. ట్రిప్సిన్ కోసేది లైసిన్, ఆర్జినిన్ల దగ్గర. లైసిన్లు ముడిపడిపోతే కత్తికి చోటు తగ్గుతుంది, తెగిన ముక్కలు కూడా జెల్ వదిలి బయటికి రావు. అసలు ప్రోటీన్ లోపలే చిక్కుకుంది, పైన పడిన దుమ్ము మాత్రం చక్కగా తెగి యంత్రంలోకి వెళ్లింది. కెరాటిన్ కథ ఇంతే.

గ్లూటరాల్డిహైడ్ లేని వెండి పద్ధతి 1996 నుంచి వాడుకలో ఉంది. కోసిన ముక్కలోని వెండిని పొటాషియం ఫెర్రీసైనైడ్, సోడియం థయోసల్ఫేట్ కలిపిన ద్రావణంతో తొలగించి, బాగా కడిగి ట్రిప్సిన్ వేయవచ్చు. అయినా వెండిని నల్లబరిచే ద్రావణంలో ఫార్మాల్డిహైడ్ ఉండనే ఉంటుంది, కొంత నష్టం తప్పదు. మా ఊరి బోరు నీటితో వెండి జోలికి అసలు పోకూడదు. ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి, నీళ్లు పాలలా తెల్లబడితే వెండిని పట్టేసే క్లోరైడ్ ఉన్నట్టే.

నా సలహా వేరు. రంగు మార్చడం కన్నా సరుకు పెంచడం మేలు. ఆమె వెండి జెల్‌లో వరుసకు 5 మైక్రోగ్రాముల ప్రోటీన్ పోసింది. ఆ గీత మొత్తంలో వెయ్యో వంతు అనుకుంటే అందులో ఉన్నది 5 నానోగ్రాములు. అదే 50 మైక్రోగ్రాములు పోస్తే 50 నానోగ్రాములు, అంటే కూమాసీ అంచుకు వస్తుంది. ఎండిన చేని సరుకునే ఇంకో వరుసలోనూ పోసి, రెండు గీతలనూ కోసి కలిపితే 100. దీనికీ ఒక హద్దుంది. వేరుశనగలో నిల్వ ప్రోటీన్ అరాకిన్ ఎంత ఎక్కువంటే, ఇంకా పోస్తే దాని గీతలు ఉబ్బి పక్కవాటిని మింగేస్తాయి.

ఆమె అలాగే చేసింది, జెల్ మొత్తాన్ని కూమాసీలో ముంచి, తర్వాత అదనపు రంగు దిగేలా ద్రావణంలో కడిగింది. రెండు రోజులకు మళ్లీ వచ్చింది, ఈసారి జెల్‌నే తెచ్చింది. అంచులు గాజులా తేటగా ఉన్నాయి, నడుమ మాత్రం కోడిగుడ్డు ఆకారంలో నీలం మచ్చ. మన గీత సరిగ్గా ఆ మచ్చలోనే ఉంది. ఒక మూల ఇంకో వింత, గీతలన్నీ వెలిసిపోయి ఉన్నాయి.

ఇలాంటప్పుడు ముందు చూడవలసింది గీతలను కాదు, వరుసల మధ్య ఖాళీని. ప్రోటీన్ లేని ఆ చోట కూడా నీలం ఉంటే రంగు ఇంకా దిగలేదన్న మాట, ప్రోటీన్‌తో దానికి సంబంధం లేదు. ఆమె ట్రే జెల్‌కు సరిగ్గా సరిపోయేంత చిన్నది. జెల్ తేలకుండా అడుగుకు అతుక్కుంది. అంచుల నుంచి రంగు పక్కలకు కూడా జారుకుంది, నడుమ భాగానికి పైముఖం ఒక్కటే మిగిలింది. పైగా కడిగే ద్రావణంలో సగం మిథనాల్, ట్రేకు మూత లేదు. మిథనాల్ ఎక్కువైతే జెల్ ముడుచుకుని రంగును లోపల పట్టుకుంటుంది. ఎండకు ఆవిరై లోతు తగ్గితే జెల్‌లో కొంత భాగం పైకి తేలి ఎండుతుంది. ఇక ఆ మూలలోని తెల్లమచ్చకు కారణం రంగు పీల్చడానికి వేసిన కాగితపు ఉండ. అది పని చేస్తుంది, కానీ జెల్‌ను తాకితే తాకిన చోట గీతల రంగు కూడా లాగేస్తుంది.

మరమ్మతు సులువే. పాత ద్రావణం పారబోసి జెల్‌ను నీటిలో పది నిమిషాలు ఉంచితే అది మళ్లీ ఉబ్బి రంగుకు దారి ఇస్తుంది. తర్వాత వెడల్పు ట్రేలోకి మార్చి, తిరగేసి, 20 శాతం మిథనాల్, 10 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్న ద్రావణం 100 మిల్లీలీటర్లు పోయాలి. మూత పెట్టి, జెల్ నింపాదిగా ఊగేలా షేకర్ మీద ఉంచి, అరగంటకొకసారి కొత్త ద్రావణం మార్చాలి. ద్రావణంలోని రంగు జెల్‌లోని రంగుతో సమమైతే ఇంకేమీ దిగదు, అందుకే మార్చడం. త్వరగా తేటపడాలని మిథనాల్ పెంచి రాత్రంతా వదిలేయడం నేను ఒప్పుకోను, సన్నని గీతలు కూడా తెల్లారేసరికి మాయమవుతాయి. రాత్రికి ఆపాలంటే మిథనాల్ లేని 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఉంచాలి.

వెలిసిన మూల సంగతి వేరే. అక్కడ రంగు పోయిందే గాని, ఆమ్లం, మిథనాల్ వల్ల స్థిరపడిన ప్రోటీన్ పోలేదు. జెల్ మొత్తం తేటపరచి, వడకట్టిన రంగులో మళ్లీ ముంచితే గీతలు తిరిగి వస్తాయి. కరగని రంగు రేణువులు కూడా చుక్కలుగా అతుక్కుంటాయి కాబట్టి వడకట్టడం మరవకూడదు.

సాయంత్రానికి నడుమ మచ్చ పోయింది, 30 దగ్గర లేత నీలం గీత తేలింది. గ్లోవ్స్ వేసుకుని, కొత్త బ్లేడుతో, గీత వెడల్పు దాటకుండా కోయించాను. కోసిన ముక్కలోని నీలాన్ని అమ్మోనియం బైకార్బొనేట్, అసిటోనైట్రైల్ సమపాళ్లలో కలిపి రెండు మూడు సార్లు కడిగితే తెల్లబడింది. ముందు చెప్పిన విప్పుకునే పట్టు ఇదే, లైసిన్లకు ఏమీ కాలేదు.

ఈసారి ఫలితంలో అరాకిన్ ముక్కలు వచ్చాయి. కెరాటిన్ కూడా కాస్త ఉంది, అది ఎప్పుడూ ఉండేదే. కరువును తట్టుకునే కొత్త ప్రోటీన్ దొరుకుతుందని ఆశపడిన ఆమె ముఖం చిన్నబోయింది. 40 దగ్గర ఉండవలసిన అరాకిన్ భాగం 30 దగ్గర కనబడిందంటే ఎక్కడో తెగి ఉండాలి. అది చేనిలో తెగిందా, గింజలు నూరేటప్పుడు తెగిందా? ప్రోటీన్లను కోసే ఎంజైములను ఆపే ప్రోటీయేజ్ నిరోధకం కలిపి మళ్లీ నూరడానికి ఆమె ఎండిన చేని గింజలు ఒలుస్తోంది.