పొదుగువాపు ట్యూబులు, డైరీ పాలు: అపోహలు - వాస్తవాలు

చిక్కబళ్లాపుర, కోలారు వైపు తెలుగు ఊళ్లలో పొద్దున డైరీలో పోసిన పాలు ఆ మర్నాటికల్లా బెంగళూరు ఇళ్లలో పొయ్యి మీద ఉంటాయి. వాటిలో యాంటీబయాటిక్ కలవడానికి మామూలుగా కనబడే కారణం పొదుగువాపుకు చన్నులోకి ఎక్కించే మందు ట్యూబులు. అందుకే ఇక్కడ దాని గురించే చెబుతాం.

అపోహ: ట్యూబు ఎక్కించింది ఒక్క చన్నుకే కదా, మిగతా మూడింటి పాలు పోయొచ్చు.

పొదుగులో నాలుగు గదులుంటాయి. ఒకదాని పాలు ఇంకోదానిలోకి పోవు. కాబట్టి ఈ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ మందు పాలతో పాటు అక్కడే ఉండిపోదు. వాచిన గది నుంచి రక్తంలోకి ఇంకి, రక్తంతో మిగతా మూడు గదులకూ చేరుతుంది. కాబట్టి నాలుగు చన్నుల పాలూ ఆపాలి. మెడకు వేసిన ఇంజెక్షనూ ఇలాగే పాలలోకి దిగుతుంది.

అపోహ: మూడు రోజులు పాలు ఆపమన్నారు, మొదటి ట్యూబు పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే సరి.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. లెక్క మొదలయ్యేది చివరి ట్యూబు నుంచి. పూటకు 6 లీటర్లిచ్చే ఆవుకు సోమ, మంగళ, బుధవారాల్లో సాయంత్రం 6 గంటలకు పాలు పితికాక ఒక్కో ట్యూబు పెట్టారనుకుందాం. లేబుల్ మీద 72 గంటలని ఉంది. అంటే గడువు తీరేది శనివారం సాయంత్రం 6 గంటలకు. మంగళవారం పొద్దుటి నుంచి శనివారం పొద్దుటి వరకు 9 పూటలు, మొత్తం 54 లీటర్లు పారబోయాలి. సోమవారం నుంచి లెక్కేసినవాళ్లు గురువారం రాత్రే పాలు డైరీకి తెస్తారు. చివరి ట్యూబు పెట్టి అప్పటికి ఒక్కరోజే అయ్యుంటుంది! 54 లీటర్లంటే చిన్న రైతుకు చిన్న దెబ్బ కాదు, దాచాలనిపించేదీ అందుకే.

లేబుల్ మీద గడువు నిర్ధారించి రాయకపోతే? మన దేశ ఔషధ నియమాల్లో 2012 నుంచి దానికి లెక్క ఉంది: పాలకు కనీసం 7 రోజులు, గొర్రె, మేక వంటి వాటి మాంసానికి 28 రోజులు.

మందు పడుతున్న ఆవు కాలికి ఎర్రగుడ్డ కట్టండి. దాన్ని అన్నిటికన్నా చివర, వేరే బకెట్లోకి పితకండి. ఆ పాలు దూడకూ పట్టొద్దు. కొద్దిపాటి మందు రోజూ లోపలికి పోతుంటే దూడ పేగుల్లో మందుకు లొంగని క్రిములే పెరుగుతాయి.

అపోహ: వెయ్యి లీటర్ల ట్యాంకులో పది లీటర్లు కలిస్తే ఏమవుతుంది? ఎలాగూ కాస్తారుగా.

పెన్సిలిన్‌కు అంతర్జాతీయ కోడెక్స్ పరిమితి కిలో పాలకు 4 మైక్రోగ్రాములు. మందు పడిన పాలలో లీటరుకు 1 మిల్లీగ్రామే ఉందనుకుందాం. పది లీటర్లలో 10 మిల్లీగ్రాములు. వెయ్యి లీటర్లలో అది కలిస్తే లీటరుకు 10 మైక్రోగ్రాములు వస్తాయి. అంటే ట్యాంకు మొత్తం పరిమితికి రెండున్నర రెట్లు. కాచడం వల్ల క్రిములు చస్తాయి గానీ ఇంట్లో కాచే కాసేపట్లో పెన్సిలిన్ జాతి మందు చాలావరకు చెక్కుచెదరదు. తోడు పెట్టిన పాలు సరిగ్గా తోడుకోకపోతే అనుమానించాల్సిన కారణాల్లో పాలలో మందు ఉండడం ఒకటి. తోడుకున్నంత మాత్రాన మందు లేదనీ అనుకోవద్దు.

అపోహ: పాత మందు పనిచేయకపోతే ఇంకా బలమైనది వేస్తే సరి.

మందులో బలం లేకపోవడం కాదు, క్రిమికి ఆ మందు లొంగకపోవడమే చాలాసార్లు అసలు కారణం. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమిలో కొన్ని రకాలు పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును తయారు చేస్తాయి. పైగా అది పొదుగులో గడ్డకట్టిన కణజాలం మధ్య దాక్కుంటుంది. వాపు తగ్గగానే రెండో రోజుకే ట్యూబులు ఆపేస్తే, మిగిలిన క్రిములు కొన్ని వారాలకు మళ్లీ పొదుగు వాచేలా చేస్తాయి. ఈసారి ఇంకో మందు, ఆపైన మరొకటి. ఇలా తోచినట్టు మందులు మార్చుకుంటూ పోతే చివరికి మనుషులకు దాచుకోవాల్సిన మందుల దాకా వస్తుంది. అలాంటి మందైన కోలిస్టిన్‌ను పాలకు, మాంసానికి పెంచే పశువులకు వాడకుండా మన దేశంలో 2019లో నిషేధించింది ఇందుకే.

మందు మార్చేముందు ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో ల్యాబులో పరీక్ష చేయించాలి. పాల నమూనాను మొదటి ట్యూబుకు ముందే తీయాలి. మందు పడ్డాక తీస్తే ల్యాబులో క్రిమి పెరగకపోవచ్చు. చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. మొదటి రెండు మూడు ధారలు వదిలేయండి. శుభ్రమైన స్టెరైల్ సీసాను ఏటవాలుగా పట్టి, మూతిని చన్నుకు తగలనివ్వకుండా 5 నుంచి 10 మిల్లీలీటర్లు పట్టండి. ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు అందించండి. బెంగళూరు హెబ్బాళలోని పశు వైద్య కళాశాలలో గానీ, మీ జిల్లా పశు వైద్యశాలలో గానీ అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆవుకు జ్వరం ఉండి, మేత మానేసి, పాలు నీళ్లలా వస్తుంటే అంతవరకూ ఆగకూడదు. నమూనా తీసిన వెంటనే డాక్టరు మందు మొదలుపెడతారు, ఫలితం వచ్చాక అవసరమైతే మారుస్తారు. పాలు మాత్రం చూపుకు మామూలుగానే ఉండి, పరీక్ష ద్రవం కలిపితే చిక్కగా జిగురయ్యే పైకి కనబడని పొదుగువాపు అయితే, పాలిచ్చే రోజుల్లో వెంటనే ట్యూబు పెట్టాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఆవు పడుకునే చోటు తడి లేకుండా చూడడం, పితికాక చన్నులను అయొడిన్ ద్రావణంలో ముంచడం అక్కడ ముందు చేయాల్సినవి.