అన్నగారి కోల్డ్ స్టోరేజీలో కంపెనీ మిర్చి: రిలేటెడ్ పార్టీ లావాదేవీలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి, పొగాకు వ్యాపారాల్లో కంపెనీ ఒకరిదైతే గోడౌన్ వాళ్ల అన్నది, లారీలు అల్లుడివి. ఇందులో తప్పేమీ లేదు. కంపెనీ తన డైరెక్టర్ల బంధువులతో, వాళ్ల సంస్థలతో చేసే ఇలాంటి వాటినే రిలేటెడ్ పార్టీ లావాదేవీలు అంటారు. కంపెనీల చట్టం, 2013లోని 188వ సెక్షన్ కూడా వీటిని నిషేధించలేదు. కంపెనీ డబ్బు డైరెక్టర్ ఇంటికే వెళ్తున్నప్పుడు ధర సరైనదో కాదో ఆ డైరెక్టర్ ఒక్కరే తేల్చకూడదన్నదే ఆ సెక్షన్ ఉద్దేశం. బయట షేర్‌హోల్డర్లకు, అప్పిచ్చిన బ్యాంకుకు ఉన్న రక్షణ అదే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కారం తయారుచేసే కంపెనీ ఒకటి ఉంది. అది లిస్ట్ కాని పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ. నిరుటి ఆడిట్ లెక్కల ప్రకారం టర్నోవర్ 80 కోట్లు. మేనేజింగ్ డైరెక్టర్ అన్న, భార్య కలిసి నడిపే భాగస్వామ్య సంస్థకు కోల్డ్ స్టోరేజీ ఉంది. కంపెనీ 50,000 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అక్కడ పెట్టాలనుకుంటోంది. ఈ అంకెలన్నీ ఊహించినవే, లెక్క మాత్రం నిజంగా చేసే పద్ధతిదే.

అపోహ: బంధువులంటే చుట్టాలందరూ.

చట్టంలో జాబితా చిన్నది. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, హిందూ అవిభక్త కుటుంబ సభ్యులు. అంతే. బావమరిది, మామగారు, వియ్యంకుడు, తోడల్లుడు ఇందులో లేరు. అలాగని బావమరిది సంస్థ కదా అని వదిలేస్తే పొరపాటే. ఆ సంస్థలో డైరెక్టర్ భార్య కూడా భాగస్వామి అయితే అది రిలేటెడ్ పార్టీయే అవుతుంది. అందుకే తనకు ఏయే సంస్థలతో సంబంధం ఉందో చెబుతూ డైరెక్టర్ ఏటా ఇచ్చే ఎంబీపీ-1 ఫారాన్ని పాతదానికి నకలుగా తీసుకోకుండా, ఆ సంస్థల భాగస్వామ్య పత్రాలతో సరిచూడాలి. జాబితాలో లేని దగ్గరి చుట్టం ఉన్నా బోర్డుకు చెప్పేయడమే మంచిది. చెప్పడానికి ఖర్చేమీ ఉండదు, దాచిన సంగతి తర్వాత బయటపడితే మాత్రం మిగతా డీల్స్ అన్నిటినీ అనుమానిస్తారు.

అపోహ: మార్కెట్ రేటుకే ఇస్తున్నాం, కాబట్టి అనుమతి అక్కర్లేదు.

ఎక్కువ కంపెనీలు జారేది ఇక్కడే. 188 కింద అనుమతి అక్కర్లేదనాలంటే రెండు షరతులు కలిసి ఉండాలి. లావాదేవీ కంపెనీ రోజువారీ వ్యాపారంలో భాగమై ఉండాలి. దానితోపాటు ఆర్మ్స్ లెంగ్త్‌లో, అంటే ఏ సంబంధమూ లేని ఇద్దరి మధ్య కుదిరినట్టుగా ఉండాలి. కారం కంపెనీకి మిర్చి నిల్వ రోజువారీ వ్యవహారమే, కాబట్టి మొదటి షరతు తీరింది. ఇక రెండోది.

అన్నగారి సంస్థ అడిగింది సీజనుకు టిక్కీకి 240 రూపాయలు. బయటి మూడు స్టోరేజీల కొటేషన్లు 232, 238, 240. చూడగానే రేటు సరిపోయిందనిపిస్తుంది. కానీ షరతులు చదవాలి. బయటివాళ్లు సరుకు విడిపించుకునేటప్పుడు బిల్లు తీసుకుంటారు. అన్నగారి సంస్థ మాత్రం మొత్తం 1.20 కోట్లు మార్చిలోనే అడ్వాన్సుగా కోరింది. సరుకు సగటున ఆరు నెలల తర్వాత బయటికి వస్తుందనుకుందాం. కంపెనీ బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుపై 10 శాతం వడ్డీ కడుతుంటే, ఆ ఆరు నెలలకు 6 లక్షలు. టిక్కీకి 12 రూపాయలు అదనం. అంటే అసలు రేటు 252. బయటివాళ్లెవరూ అడగని రేటు అది. అడ్వాన్సు తీసేస్తే ఇదే డీల్ సబబుగా ఉంటుంది, ఉంచితే రెండో షరతు తప్పుతుంది, బోర్డు అనుమతి తప్పనిసరవుతుంది.

రేటు ఒక్కటే పోల్చి ఊరుకుంటే ఇలాంటివి కనబడవు. హమాలీ ఎవరిది, బీమా ప్రీమియం ఎవరు కడతారు, తేమ పట్టి రంగు పోతే నష్టం ఎవరిది, యార్డు నుంచి దూరమెంత అనేవి కూడా పక్కపక్కన రాసి చూడాలి. కొటేషన్లు అదే సీజనువై ఉండాలి, ఎండీ మిత్రుల దగ్గర కాకుండా కొనుగోళ్ల విభాగమే నేరుగా తెప్పించాలి. వీటన్నిటికంటే గట్టి ఆధారం ఒకటుంది. అదే స్టోరేజీ అదే నెలలో బయటి వ్యాపారులకు ఇచ్చిన బిల్లుల నకళ్లు అడగండి. వాళ్లకు 230 వేసి మనకు 240 వేస్తే ఇంకేమీ చూడక్కర్లేదు. నకళ్లు ఇవ్వలేమంటే ఆ మాటే మినిట్స్‌లో రాయాలి.

అపోహ: కాగితం తిప్పి సంతకాలు చేయిస్తే బోర్డు అనుమతి వచ్చినట్టే.

సర్క్యులేషన్ తీర్మానం చెల్లదు. బోర్డు సమావేశంలోనే తీర్మానం కావాలి. ఎజెండాలో పార్టీ పేరు, బంధుత్వం, గడువు, విలువ, ధర ఎలా తేల్చారు అన్నవి ఉండాలి. అడ్వాన్సు ఉంటే దాన్నీ రాయాలని ఈ చట్టం కింది నిబంధనల్లోని రూల్ 15 విడిగా చెబుతోంది. ఎందుకో పై లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు ఎండీ గదిలో ఉండకూడదు. ఆయన బయటికి వెళ్లిన సంగతి, తిరిగి వచ్చిన సంగతి మినిట్స్‌లో కనబడాలి.

తీర్మానంలో తరచూ మరిచేది గరిష్ఠ మొత్తం. ‘టిక్కీకి 240’ అని మాత్రమే రాస్తే 50,000 కాస్తా 80,000 అయినా అనుమతి ఉన్నట్టే వాదిస్తారు. రేటు, సంఖ్య, గడువు, మొత్తం నాలుగూ రాయాలి. సీజను చివర బిల్లులను తీర్మానంతో సరిచూడాలి.

బోర్డు చేతులెత్తితే చాలదని మనవాళ్లకు గుర్తుచేయడానికి సత్యం కంప్యూటర్స్ ఉదంతమే చాలు. 2008 డిసెంబర్ 16న ఆ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. బోర్డులో పేరున్న ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉన్నా ఆ డీల్ అక్కడ ఆగలేదు.

అపోహ: ముక్కలు చేస్తే పరిమితి దాటదు.

ఇదే కంపెనీ ఎండీ అన్నగారి ట్రేడింగ్ సంస్థ నుంచి మిర్చి కూడా కొంటోంది అనుకోండి. ఆర్మ్స్ లెంగ్త్ అని చూపించలేకపోతున్నారు. ఏప్రిల్‌లో 6 కోట్లు, నవంబర్‌లో 2.5 కోట్లు. సరుకు కొనుగోళ్లకు పరిమితి నిరుటి టర్నోవర్‌లో 10 శాతం, అంటే 8 కోట్లు. ఆర్థిక సంవత్సరంలో జరిగినవన్నీ కలిపి లెక్క వేయాలి కాబట్టి మొత్తం 8.5 కోట్లు. నవంబర్ కొనుగోలుకు ముందే షేర్‌హోల్డర్ల సాధారణ తీర్మానం కావాలి. అందులో రిలేటెడ్ పార్టీ అయిన షేర్‌హోల్డరు ఓటు వేయకూడదు. కుటుంబంలో అలాంటి వాళ్లకు 70 శాతం వాటా ఉన్నా నిర్ణయం మిగతా వాళ్లదే. ప్రైవేటు కంపెనీలకు ఈ ఓటు నిషేధం లేదు. పబ్లిక్ కంపెనీలో కూడా సభ్యుల సంఖ్యలో 90 శాతం లేదా అంతకంటే ఎక్కువ మంది ప్రమోటర్ల బంధువులు లేదా రిలేటెడ్ పార్టీలే అయితే నిషేధం వర్తించదు.

అపోహ: ముందు చేసేద్దాం, అనుమతి తర్వాత చూసుకుందాం.

మూడు నెలల్లో బోర్డు లేదా షేర్‌హోల్డర్లు ఆమోదించకపోతే ఆ ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు వాళ్లకు వస్తుంది. డైరెక్టర్ బంధువుతో చేసిన డీల్ అయితే కంపెనీకి వచ్చిన నష్టం ఆ డైరెక్టరే కట్టాలి. దాన్ని కుదిర్చిన లేదా అనుమతించిన డైరెక్టర్‌కైనా ఉద్యోగికైనా పెనాల్టీ 5 లక్షలు, లిస్టెడ్ కంపెనీలో 25 లక్షలు. సంతకం పెట్టిన కొనుగోళ్ల మేనేజరు కూడా ఇందులోకి వస్తాడు. కాబట్టి ‘సార్ చెప్పారు’ అని ఆర్డరు ఇచ్చే ముందు తీర్మానం నకలు ఫైల్లో ఉందో లేదో ఆయనే చూసుకోవాలి.